ఆర్‌ఏసీ సీటులో ఇద్దరు

స్లీపర్ బోగీలో 7, 15, 23, 31, 39... ఇలా ఎనిమిదేసి నంబర్ల ఎడంలో వచ్చేవన్నీ సైడ్ లోయర్ బెర్తులు. నడవాకి ఇవతల, కిటికీని ఆనుకుని ఎదురెదురుగా రెండు సీట్లుంటాయి. రాత్రి వీపు పలకలు రెండూ దించేస్తే అవే ఒక పడక అవుతాయి. ఆర్‌ఏసీ టికెట్ వచ్చిందంటే ఈ ఒక్క పడకని రైల్వేవాళ్లు ఇద్దరికి పంచి ఇచ్చారన్నమాట. ఇద్దరూ పూర్తి చార్జీ కట్టినవాళ్లే, దక్కేది మాత్రం చెరి సగం. రిజర్వేషన్ ఉన్నవాళ్లెవరైనా ఎక్కకపోతే, ఆ ఖాళీ బెర్తుని టీటీఈ వరస ప్రకారం ఆర్‌ఏసీ వాళ్లకి ఇస్తాడు. అప్పటిదాకా ముక్కూ మొహం తెలియని ఇద్దరు, ఒకరి మోకాళ్లు ఒకరికి తగలకుండా సర్దుకుని కూర్చోవాలి.

దూరప్రయాణంలో ఇద్దరు కొత్తవాళ్ల మధ్య మెల్లగా అభిమానం పుట్టే కథ రాయదలచుకున్నవాళ్లకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. వాళ్లని పక్కపక్కన కూర్చోబెట్టడానికి రచయిత కాకతాళీయం మీద ఆధారపడక్కర్లేదు, నిబంధనే ఆ పని చేసిపెట్టింది. వాళ్లని విడదీసే అధికారం ఉన్న మనిషి కూడా నల్లకోటు వేసుకుని అదే బోగీలో తిరుగుతున్నాడు. కథకి కావలసిన సరంజామాలో సగం సిద్ధం.

మిగతా సగం దగ్గరే చాలా కథలు బోల్తా పడతాయి. పత్రికలకి వచ్చే రైలు కథల్లో తరచు కనిపించే లోపం ఒకటుంది. రెండో పేజీకల్లా పాత్రలు తమ గతమంతా చెప్పేసుకుంటాయి. ఆమెకి భర్త పోయాడు, అతనికి పెళ్లి కాలేదు, ఇద్దరికీ పాత పాటలంటే ఇష్టం. ఇంతటితో పాఠకుడికి సంగతి అర్థమైపోతుంది, గమ్యం మాత్రం ఇంకా ఇరవై గంటల దూరంలో ఉంటుంది. మాటలు ఎక్కువైనంత మాత్రాన అభిమానం ఉన్నట్టు కాదు. విడిపోవడానికి వీలు దొరికాక ఆ ఇద్దరూ ఏం చేస్తారన్న దానిలోనే అది బయటపడుతుంది. బాగా నిలిచిన రైలు కథలూ సినిమాలూ కొన్నిటిని దగ్గరగా చూస్తే ఈ సంగతి తేటగా కనిపిస్తుంది.

ముందు మన ఇంటి కథ. కాకినాడ పి.ఆర్. కళాశాలలో రసాయన శాస్త్రం బోధించిన పాలగుమ్మి పద్మరాజు రాసిన ‘గాలివాన’కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నిర్వహించిన అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. బహుమతి సంగతి చాలామందికి తెలుసు, అది రైల్లో మొదలయ్యే కథ అన్న సంగతి అంతగా గుర్తుండదు. రావుగారు నియమాల మనిషి. ఆస్తికత్వం మీద ఉపన్యాసం ఇవ్వడానికి పోతూ రైలెక్కారు. ఆ పెట్టెలోకి ఒక ముష్టి మనిషి వస్తుంది. ఆమె చనువు, ఆమె వాగుడు, అసలు ఆమె ఉనికే ఆయనకి చిరాకు. రైలు నడుస్తున్నంతసేపూ వాళ్లిద్దరి మధ్య దయ అనే మాటకి చోటే లేదు. గాలివాన ముదిరి, రైలు దిగి, స్టేషను గదిలో చీకట్లో చిక్కుకున్నాకే ఆయన నియమాలు ఒక్కొక్కటే ఊడిపోతాయి. గోడలు నిలుస్తాయో లేదో తెలియని ఆ రాత్రి ఆయనకి దొరికిన వెచ్చదనం ఆ మనిషిదే. తెల్లవారాక ఆమె శవమై కనిపిస్తుంది, దొంగిలించిన ఆయన పర్సు ఆమె దగ్గరే ఉంటుంది. ఆమె దొంగ అన్న నిజం ఆయన దుఃఖాన్ని ఏమాత్రం తగ్గించదు. పద్మరాజు ఆమెని దేవతగా మార్చలేదు, అదే ఆ కథకి ఎముక.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. రైలు వాళ్లని ఒకచోట చేర్చింది, మార్పు వచ్చింది మాత్రం రైలు దిగాక.

ఫిన్లాండ్ రచయిత్రి రోసా లిక్సోమ్ 2011లో ‘కంపార్ట్‌మెంట్ నంబర్ 6’ అనే నవల రాసింది. పదేళ్ల తర్వాత యుహో కుయోస్మానెన్ దాన్ని సినిమాగా తీశాడు, 2021 కాన్ చిత్రోత్సవంలో అది గ్రాండ్ ప్రీ పంచుకుంది. నవలలో రైలు మాస్కో నుంచి మంగోలియా దిక్కుగా పోతుంది. సినిమాలో దాన్ని ఉత్తరాన మూర్మాన్స్క్ వైపు మళ్లించారు. రాతిబొమ్మలు చూడటానికి పోతున్న లారా అనే విద్యార్థిని, గని పనికి పోతున్న ల్యోహా అనే కుర్రవాడు, ఇద్దరిదీ ఒకే గది. మొదటి రాత్రి అతను తప్పతాగి అసహ్యంగా మాట్లాడతాడు. ఆమె వేరే చోటుకి మారాలని చూస్తుంది, కుదరదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సామానుతో సహా దిగేస్తుంది. మాస్కోలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేస్తే అవతలి గొంతులో రమ్మన్న ఆత్రం వినపడదు. మళ్లీ వచ్చి అదే రైలు, అదే గది ఎక్కుతుంది.

ఆమె మళ్లీ ఎక్కింది అతని కోసం కాదు, వేరే దారి లేక. కానీ వెళ్లిపోయే వీలు ఒకసారి వచ్చిపోయింది కాబట్టి ఆ తర్వాత ఒకే గదిలో ఉండటానికి బరువు మారింది. దారిలో రైలు రాత్రంతా ఆగినప్పుడు అతను తనకి తెలిసిన ఒక ముసలావిడ ఇంటికి ఆమెని తీసుకెళ్తాడు. అక్కడే లారాకి అతనిలోని రెండో మనిషి కనిపిస్తాడు. గది బయట చూసినదాన్ని ఆమె గదిలోకి తెచ్చుకుంది.

సత్యజిత్ రాయ్ 1966లో తీసిన ‘నాయక్’లో కలకత్తా నుంచి ఢిల్లీ పోయే రైలులో సినీనటుడు అరిందమ్, స్త్రీల పత్రిక నడిపే అదితి కలుస్తారు. ఉత్తమ్‌కుమార్, షర్మిలా టాగూర్ ఆ పాత్రలు వేశారు. వాళ్లు మాట్లాడుకునేది ఎక్కువగా భోజనాల బోగీలో. ఆమె వచ్చింది ఇంటర్వ్యూ కోసం, అతను చెప్పే ఒక్కో విషయం ఆమె పత్రికకి బంగారం. చివరికి ఆమె రాసుకున్న కాగితాలని చించేస్తుంది. ప్రేమ అనే మాట ఎవరి నోటా రాదు, ఒకరి పేరు ఒకరు మురిపెంగా పిలుచుకోవడం కూడా ఉండదు. దక్కిన లాభాన్ని ఆమె వదులుకుంది, అంతే. ఢిల్లీలో దిగాక అతని చుట్టూ అభిమానులు మూగుతారు, ఆమె తన దారిన పోతుంది.

ఈ మూడింటినీ మనసులో పెట్టుకుని మళ్లీ మన 39వ నంబరు దగ్గరికి వద్దాం. హైదరాబాద్ నుంచి న్యూఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అనుకుందాం. పొద్దున్నే బయల్దేరితే మర్నాడు పొద్దునకి చేరుతుంది. కాజీపేట, మంచిర్యాల, బల్లార్షా, నాగపూర్, భోపాల్, ఝాన్సీ, ఆగ్రా దారిలో తగులుతాయి. కాజీపేటలో ఒకామె ఎక్కింది. ముప్పై ఎనిమిదేళ్లు, డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. ఢిల్లీలో చదువుతున్న తమ్ముడికి కామెర్లు వచ్చాయని వెళ్తోంది, అందుకే ఆఖరి నిమిషంలో టికెట్ తీసుకుంది. మంచిర్యాలలో అతను ఎక్కాడు. నలభై రెండేళ్లు, మోటార్ వైండింగ్ షాపు, ఏవో స్పేర్ పార్టులు తెచ్చుకోవడానికి ప్రయాణం. ఈ వివరాలు రచయితకి తెలిస్తే చాలు, పాఠకుడికి అప్పుడే చెప్పక్కర్లేదు.

మొదట వాళ్లిద్దరి మధ్య ఉండాల్సింది అనుమానం. మన రైళ్లలో అపరిచితులిచ్చిన తినుబండారాలు తినవద్దని మైకులో చెబుతూనే ఉంటారు. మత్తుమందు బిస్కెట్ల వార్తలు చదవని ఇల్లు లేదు. అందుకే అతను మర్యాదకి మురుకుల పొట్లం చాపితే ఆమె ‘వద్దండి, ఇప్పుడే తిన్నా’ అనాలి. తీసుకుందంటే ఆ కథ అక్కడే అబద్ధమైపోతుంది. అతనూ బలవంతం చేయడు, ఆ జాగ్రత్త తన చెల్లెలికీ ఉండాలని అతనూ కోరుకునే మనిషే.

మొదటి నమ్మకం తిండితో మొదలవదు, సంచితో మొదలవుతుంది. మన రైళ్లలో ఒంటరిగా పోయేవాళ్లందరికీ వచ్చే ఇబ్బంది ఇది. బాత్‌రూముకి వెళ్లాలంటే సామాను ఎవరికి అప్పజెప్పాలి? ఆమె చాలాసేపు ఓర్చుకుంటుంది. పక్క బే లోని కుటుంబం వైపు చూస్తుంది, వాళ్లు పేకాటలో ఉన్నారు. చివరికి ‘కొంచెం బ్యాగు చూస్తుంటారా?’ అంటుంది. పర్సూ ఫోనూ మాత్రం చేతిలోనే పట్టుకుపోతుంది. తిరిగొచ్చేసరికి అతను ఆమె సీటు వైపే తిరిగి కూర్చుని ఉంటాడు, కాపలా ఉద్యోగంలో చేరినవాడిలా. ఆమెకి నవ్వొస్తుంది, ఆపుకుంటుంది. ఇప్పటికి బల్లార్షా కూడా రాలేదు.

అభిమానం మెల్లగా పెరగాలి అన్నప్పుడు ఆ మెల్లదనం ఎలా ఉండాలో ఒక పరిశోధన బాగా చూపిస్తుంది. అమెరికా మనస్తత్వవేత్త ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు 1997లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకరికొకరు తెలియనివాళ్లని జంటలుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు. అవి మూడు దఫాలు, ఒక్కో దఫాకి ప్రశ్నలు మరికాస్త లోతుకి పోతాయి. ప్రతి ప్రశ్నకీ ఇద్దరూ జవాబు చెప్పాలి. ముప్పావుగంట అయ్యేసరికి వాళ్లకి, ఊరికే కబుర్లాడుకున్న జంటలకన్నా ఎక్కువ దగ్గరితనం కలిగింది. కథకుడికి పనికొచ్చే సంగతి ఆ ప్రశ్నల్లో లేదు, వాటి వరసలో ఉంది. ఒకరు ఒక మెట్టు దిగితే రెండోవారు కూడా దిగాలి. ఒకరే గబగబా అట్టడుగుకి పోతే రెండోవాళ్లు భయపడి కిటికీలోకి చూస్తారు.

కాబట్టి 39వ నంబరులో బదులుకి బదులు చిన్నచిన్నగా జరగాలి. అతని ఫోన్ చార్జింగ్ అయిపోతే ఆమె తన చార్జర్ ఇస్తుంది. ఎండ ఆమె మొహం మీద పడుతుంటే అతను ఏమీ అనకుండా తన వైపు షట్టర్ కూడా దించేస్తాడు, తనకి గాలి పోయినా. పై బెర్తు 40వ నంబరు మనిషి పగలు కిందికి దిగి వీళ్లిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంటాడు. ఈ మూడో మనిషి చాలా అవసరం. అతను గుర్రుపెడుతూ ఒకరి భుజం మీద వాలితే, మిగతా ఇద్దరికీ కలిసి నవ్వుకోవడానికి మొదటి కారణం దొరుకుతుంది. నాగపూర్‌లో ప్లాట్‌ఫారం మీద ఒకే బుట్టలోంచి ఇద్దరూ నారింజలు కొనుక్కుంటారు. తన కళ్ల ముందే కొన్న పండు కదా, ఇప్పుడు అతను ఒలిచి ఇచ్చిన తొనని ఆమె తీసుకోగలదు. పొద్దున వద్దన్న చెయ్యి సాయంత్రం చాపింది. దీని మీద రచయిత ఒక్క వ్యాఖ్య కూడా చేయకూడదు, పాఠకుడికి మురుకులు గుర్తుంటాయి.

పిలుపు విషయంలో తెలుగు కథకుడికి ఒక చిక్కుంది. మన ఆడవాళ్లు కొత్త మగాడితో మాట్లాడేటప్పుడు ‘అన్నా’ అనేస్తే హద్దు గీసినట్టే, ఆ తర్వాత కథ వేరే దారి పడుతుంది. ఆ దారీ మంచిదే, అన్నాచెల్లెళ్ల అభిమానం మీద కూడా రైలు కథ నిలబడుతుంది. కానీ ఏ అభిమానమో తేలకుండా ఉంచాలంటే వాళ్లిద్దరూ ఏ వరసా కలపకుండా ‘ఏవండీ’, ‘మీరు’ దగ్గరే ఆగిపోవాలి. పక్క బే లోని పెద్దావిడ ‘మీ ఆయనకి కూడా పెట్టమ్మా’ అని చపాతీలు చాపినప్పుడు, ఇద్దరిలో ఎవరు ముందు సర్దిచెబుతారు? ఆమె ‘ఆయన మా ఆయన కాదండీ’ అంటుంది, చపాతీ మాత్రం అతనికిస్తుంది.

ఇక రాత్రి. నిద్రపోయే వేళ పది నుంచి ఆరు వరకు అని రైల్వే నియమం. పలకలు దించితే మధ్యలో అతుకు ఒకటి వీపుకి తగులుతుంది. ఇద్దరూ చెరో కొసన చేరి కాళ్లు ముడుచుకోవాలి, లేదా ఒకరు పడుకుంటే ఒకరు కూర్చోవాలి. అపరిచితుడి ఎదుట నిద్రపోవడం బ్యాగు అప్పజెప్పడం కన్నా పెద్ద నమ్మకం. ఆమె దుప్పటి కప్పుకుని కూర్చునే కునికిపాట్లు పడుతుంటే, అతను లేచి తలుపు దగ్గరికి వెళ్లి నిలబడతాడు. ఎందుకు లేచాడో చెప్పడు. ఆమె కాళ్లు చాపుకుంటుంది.

సరిగ్గా ఇక్కడ టీటీఈ రావాలి. భోపాల్ దాటాక అతను చేతిలోని ట్యాబ్ చూసి ‘ఎస్-6లో 22 ఖాళీ, ఒకరు వెళ్లండి’ అంటాడు. వరసలో ముందున్న ఆర్‌ఏసీ ఆమెది. ఆమె వెళ్తే ఆమెకి నిండు పడక, అతనికి కూడా 39 మొత్తం దక్కుతుంది. విడిపోతే ఇద్దరికీ లాభం, కలిసుంటే ఇద్దరికీ నడుం నొప్పి. కథలో ఇంత నికార్సయిన పరీక్షని రచయిత ఊహించి కల్పించనవసరం లేదు.

అనుభవం లేని రచయిత ఇక్కడ ఆమె చేత ‘నాకొద్దు, ఇక్కడే ఉంటా’ అనిపిస్తాడు. అది పొరపాటు. పొద్దుటి నుంచి కూర్చునే ఉన్న మనిషి, తెల్లారితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన మనిషి, బెర్తు వద్దనదు. సంచి తీసుకుని వెళ్తుంది. వెళ్లేముందు చార్జర్ గుర్తొస్తుంది, అతని ఫోన్ ఇంకా ఎక్కుతోంది. ‘పొద్దున తీసుకుంటాలెండి’ అంటుంది. ఇక కథంతా ఆ చార్జర్ చేతిలో ఉంది. దాని కోసమైతే ఆమె రావాల్సిందే, మరి దాని కోసమే వచ్చిందా అన్నది ఎవరూ తేల్చలేరు. లారా మళ్లీ రైలెక్కినప్పుడు ఉన్న సందిగ్ధమే ఇక్కడా ఉండాలి. పొద్దున ఆగ్రా దాటాక ఆమె వస్తే, చార్జర్ తీసుకుని రెండు నిమిషాల్లో వెళ్లిపోవచ్చు. సంచి కూడా తెచ్చుకుని వచ్చిందంటే ఆ విషయం ఇంకెవరూ నోటితో చెప్పక్కర్లేదు. అతనేమో పలకలు ఎత్తి రెండు సీట్లూ మళ్లీ సిద్ధం చేసి కూర్చున్నాడు, ఒంటరివాడికి మొత్తం బెర్తు ఉండి కూడా.

ముగింపు ఇంకో తలనొప్పి. రస్కిన్ బాండ్ ‘ది ఐస్ హావ్ ఇట్’లో ఈ చిక్కు లేదు. చూపులేని కథకుడు పెట్టెలో ఎక్కిన అమ్మాయి దగ్గర తన అంధత్వం దాచి మాట్లాడతాడు, ఆమె సహారన్‌పూర్‌లో దిగిపోతుంది. ఆమెకి కూడా చూపు లేదని తర్వాత ఎక్కిన ప్రయాణికుడు చెప్పేవరకు అతనికి తెలియదు. ఇక ఆమెని వెతకడానికి అతనికి ఏ దారీ లేదు, కథ బలమంతా ఆ లేకపోవడంలో ఉంది.

ఆ రోజులు పోయాయి. ఒకప్పుడు బోగీ తలుపు పక్కన రిజర్వేషన్ చార్టు అంటించేవారు. పేరు, వయసు, ఆడా మగా, ఎక్కడిదాకా అన్నీ అందులో ఉండేవి. ఎదుటి మనిషి పేరు అడగకుండానే తెలుసుకోవడానికి కథల్లో అదొక ఉపాయం. 2018 నుంచి పెద్ద స్టేషన్లలో వాటిని అంటించడం మానేశారు. దాని బదులు ఇప్పుడు యూపీఐ వచ్చింది. మథుర దాటాక ఇద్దరూ టీ తాగుతారు. కుర్రాడి దగ్గర చిల్లర లేదు, ఆమె ఇద్దరికీ ఇచ్చేస్తుంది. అతను తన వంతు పదిహేను రూపాయలు పంపుతానని పట్టుబడతాడు. నంబరు కొట్టగానే ఆమె పూర్తి పేరు అతని తెర మీద పడుతుంది, అతని పేరు ఆమె ఫోన్‌లో మోగుతుంది. అంతసేపూ అడగని పేర్లు అలా బయటపడ్డాయి.

దీంతో ‘మళ్లీ ఎన్నడూ కలవలేదు’ అనే పాత ముగింపు పనికిరాకుండా పోయింది. ఫోన్ చెయ్యగలిగి చేస్తారా లేదా అన్నది కొత్త ప్రశ్న, దానికి జవాబు ఢిల్లీ తర్వాతి సంగతి. కొందరు రచయితలు ఆర్నెల్ల తర్వాత ఒక మెసేజ్ వచ్చినట్టు ఇంకో పేజీ తగిలిస్తారు. అది తీసేస్తే కథ బాగుపడుతుంది. ఆమె తమ్ముడి రిపోర్టులో బిలిరుబిన్ ఎంతుందో అతను అడగాలి, పొద్దుట్నుంచి ఆమె రెండుసార్లు చెప్పిన అంకె అతనికి గుర్తుండాలి, అప్పటికి రైలు ఇంకా ఔటర్ సిగ్నల్ దగ్గర ఆగి ఉండాలి. కథని అక్కడ ఆపేయవచ్చు.